కిక్రి లేనిదే పెర్సాపేన్ పూజ లేదు

(కరీంనగర్‌లో చదువుకుంటున్న ఆదివాసీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)

 

మన పూజల్లో పాట గురించి, వాద్యం గురించి మాట్లాడమని తమ్ముళ్ళు అడిగిన్రు. ఇది ఒక పూటలో తెగే ముచ్చట కాదు. గోండులకు ఒక తీరు, కొలాములకు ఒక తీరు, కోయలకు ఒక తీరు, ఇటు కరీంనగర్ వైపు నాయకపోళ్ళు లక్ష్మీదేవరను ఎత్తుకున్నప్పుడు ఇంకో తీరు ఉంటది. అన్నిటినీ ముట్టుకుంటే ఏదీ సరిగ్గ చెప్పలేను. అందుకే మా గోండుల పూజలో ఒక్క వాద్యం పట్టుకుంట. దాని పేరు కిక్రి. అది వాయించేటోళ్ళు పర్ధాన్‌లు, తోటీలు. మీలో చాలామంది దాన్ని స్టేజీ మీద ఎప్పుడో ఒకసారి చూసి ఉంటరు. రాత్రంతా కూర్చొని విన్నోళ్ళు ఎంతమంది? ఆ రెండింటికీ నడుమ ఉన్న తేడానే ఇవాళ చెప్పాలనుకుంటున్న.

మొదలు ఒక చిన్న ప్రశ్న. మనం ఇక్కడ కరీంనగర్‌లో ఉంటున్నం, పక్కనే వేములవాడ ఉంది. అక్కడికి పోయేటోళ్ళు ఏం చెప్తరు? దర్శనానికి పోతున్నం అంటరు. గంటల తరబడి లైన్ల నిలబడి, ఒక్క నిమిషం దేవుణ్ణి కళ్ళతోని చూసి వస్తరు. ఆ చూపులోనే మొక్కు తీరుతది. మరి మన పెర్సాపేన్ దగ్గరికి పోయినోళ్ళు ఏం చూస్తరు? పెర్సాపేన్ అంటే పెద్ద దేవుడు, ఒక వంశపోళ్ళ దేవుడు. ఆయనకు ముఖం ఉండదు, కళ్ళు ఉండవు. చామరం, బల్లెపు మొన, గంటలు, వాటిని చుట్టిన బట్ట, అంతే. అవి కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు జనానికి కనబడకుండ చెట్ల నడుమ దాచి ఉంటయి. చూడ్డానికి దాదాపు ఏమీ లేని దేవుడు ఆయన. మరి భక్తి దేనిమీద నిలబడ్డది? చెవి మీద నిలబడ్డది. మనోళ్ళు పేన్ దగ్గరికి పోయేది ఆయన కథ వినడానికి.

ఆ కథను పలికించేది కిక్రి. అది ఎట్లుంటదో చెప్త. చెక్కను తొలిచి డొల్ల చేసి, దాని మీద తోలు బిగిస్తరు. పైకి ఒక పొడుగాటి మెడ, మూడు తీగలు. గుర్రపు వెంట్రుకలు కట్టిన విల్లుతోని వాయిస్తరు. విల్లుకు గుగ్గిలం లాంటి జిగురు పట్టించకపోతే అది తీగ మీద జారిపోతది, చప్పుడు రాదు. వాన పట్టిన రోజు తోలు మెత్తబడి గొంతు పూడుకపోతది. గిటార్‌కు ఉన్నట్టు మెడ మీద మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆనితే అక్కడ స్వరం పుడుతది, వేలు జరిపితే స్వరం జారుతది. అందుకే అది మనిషి గొంతును నీడ లెక్క వెంబడిస్తది. గొంతు వణికితే అదీ వణుకుతది, గొంతు సాగితే అదీ సాగుతది.

ఇంకో సంగతి. డోలు మీద దెబ్బ పడితే చప్పుడు పుట్టి వెంటనే చచ్చిపోతది. విల్లు వాద్యం అట్ల కాదు, విల్లు కదులుతున్నంతసేపు చప్పుడు బతికే ఉంటది. పాడే మనిషికి ఊపిరి కావాలె, చరణం చివర ఆగాలె. ఆ ఆగిన జాగాను కిక్రి నింపుతది. పర్ధాన్ ఒక మాట పాడుతడు, పక్కోళ్ళు ఆ మాట తోకను అందుకుంటరు, కిక్రి అదే మాటను మాట లేకుండ మళ్ళీ పలుకుతది. ఆ కొద్దిసేపట్లో వినేటోడు తాను విన్నది లోపల కలుపుకుంటడు. పురాణం గంటల తరబడి సాగినా జనం లేచిపోకపోవడానికి ఇదొక కారణం. ఒక మాట వినడం, దాన్ని నెమరేసుకోవడం, మళ్ళీ ఒక మాట వినడం. తెల్లారేదాక అదే నడక.

ఈ వాద్యం మన పురాణంలో ఎక్కడ మొదలైతదో చూడండి. వంశానికో తీరుగ చెప్తరు గని, నడుమ ఉన్న కథ ఇది. మన మూలపురుషులైన దేవతల పిల్లలు గుహలో బందీ అయి ఉంటరు. గుహ నోటికి పెద్ద బండ అడ్డం. వాళ్ళను విడిపించడానికి పహండి కుపార్ లింగాల్ పూనుకుంటడు. ఆయనకు తోడు వచ్చిన వాయిద్యగాడు హీరాసుకా. ఆయన పాట, వాద్యం విని లోపలి పిల్లలకు బలం వస్తది, బండ కదులుతది. ఆ బండ కిందనే హీరాసుకా ప్రాణం పోయిందని ఒక కథనం. మహారాష్ట్ర గోండియా జిల్లాల ఉన్న కచార్‌గఢ్ గుహలే ఆ జాగ అని నమ్మి మనోళ్ళు మాఘ పున్నానికి జాతరకు పోతరు. పర్ధాన్‌లు తమది హీరాసుకా వారసత్వం అంటరు. ఈ కథలో బండను కదిలించిన బలంలో సగం చప్పుడుదే. లింగాల్ ఒక్కడితోని ఆ పని కాలేదు. అంటే గోండు పూజకు పర్ధాన్ ఎందుకు కావాలో పురాణమే చెప్తున్నది.

ఇగ పూజ దగ్గరికి పోదాం. పెర్సాపేన్ పూజ ఏడాదికి రెండుసార్లు, పుష్య మాసంల ఒకటి, ఎండాకాలం భావై నెలల ఒకటి. పూజ చేసేది వంశపు కటోడ. పేన్‌ను దాచిన చోటు నుంచి బయటికి తీసి, నీళ్ళ దగ్గరికి తోలుకపోయి కడుగుతరు. దారిలో డోళ్ళు, పెప్రె మోగుతయి. పెప్రె అంటే సన్నాయి లాంటి ఊదే వాద్యం. దాని గొంతు చాలా దూరం పోతది. పేన్ కదిలిందని పక్క గూడేనికి కూడా ఎరుక కావాలె గనక అక్కడ గట్టి వాద్యం ఉంటది. పేన్ వచ్చి కూర్చున్నంక సంగతి మారుతది. అప్పుడు కిక్రి ముందుకు వస్తది. కిక్రి గొంతు చిన్నది, దగ్గర కూర్చుంటేనే వినబడతది. అందుకే జనం దగ్గరికి జరుగుతరు, మాటలు ఆపుతరు. ఎవరూ మైకు పట్టుకొని 'నిశ్శబ్దం పాటించండి' అని చెప్పరు. వాద్యం చిన్నగుండడమే ఆ పని చేస్తది. దూరం పోయే చప్పుడు ఊరిని పిలుస్తది, దగ్గరి చప్పుడు ఒక వంశాన్ని కూర్చోబెడతది. ఏ పనికి ఏ వాద్యమో మన పెద్దలు అట్ల పంచిపెట్టిన్రు.

అప్పుడు పర్ధాన్ ఏం పాడుతడు? ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఏ గుట్ట దిగి ఏ వాగు దాటి వచ్చింది, పేన్ వాళ్ళకు ఎట్ల దొరికింది, వాళ్ళది ఏ సగ అనేది. మనకు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నయి. ఒకే సగలోపలోళ్ళు అన్నదమ్ములు, వాళ్ళ నడుమ పెళ్ళి కుదరదు. ఇది ఏ రిజిస్టర్‌లో రాసి పెట్టిన ముచ్చట కాదు, ఆ రాత్రి వినే ముచ్చట. పదేండ్ల పిల్లగాడు సగం నిద్రలో వింటనే తనకు ఎవరు అన్న అయితరో, ఎవరు బావ అయితరో తెలుసుకుంటడు. వంశంలో పోయినోళ్ళను పేన్‌తోని కలిపే కర్మ కూడా పర్ధాన్ లేకుండ కాదు. అంటే పుట్టుక కథ, చావు తర్వాతి దారి రెండూ ఆ మూడు తీగల మీదనే ఉన్నయి.

ఇదంతా మీ కళ్ళ ముందు ఒకచోట కనబడాలంటే కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. మెస్రం వంశపోళ్ళది ఏడు దేవతల సగ. జాతరకు ముందు వాళ్ళు ఝరి పట్టుకొని జన్నారం వైపు హస్తినమడుగు దాక కాలినడకన పోయి గోదావరి నీళ్ళు తెస్తరు. వచ్చి మర్రిచెట్ల కింద దిగుతరు. పుష్య అమావాస్య అర్ధరాత్రి మహాపూజ. పూజ తర్వాత కొత్త కోడళ్ళను నాగోబాకు చూపెడతరు, దాన్ని భేటింగ్ అంటరు. అప్పటిదాక ఆ కోడలు మెస్రం కోడలుగ పూర్తి కానట్టే లెక్క. మెస్రం గోండులకు మెస్రం పర్ధాన్‌లే కథ చెప్తరు. ఇంటిపేరు కూడా ఒకటే, గమనించండి. ఏ వంశానికి ఆ వంశపు పర్ధాన్ ఉంటడు. పక్క వంశపు కథ ఎంత బాగ పాడినా ఈ పూజకు చెల్లదు. గొంతు బాగుండడం తర్వాతి సంగతి, ఆ కథ చెప్పే హక్కు ఎవరిది అనేది మొదలు. సినిమా పాటకు, మన పాటకు ఉన్న తేడా ఇక్కడ దొరుకుతది.

ఇంకో వింత చెప్త. ఆదిలాబాద్ పర్ధాన్‌లు ఇంట్ల మాట్లాడేది మరాఠీ. పేన్ ముందు పాడేది గోండి. 1940లల్ల మార్లవాయిల ఉండి మన గురించి రాసిన హైమన్‌డార్ఫ్ కూడా ఈ సంగతి రాసిండు. గోండి మాట్లాడే మనం మరిచిపోయిన పాత గోండి మాటలు, ఇంట్ల మరాఠీ మాట్లాడే పర్ధాన్ నోట్ల బతికున్నయి. తోటీలేమో ఇంట్లనూ గోండే మాట్లాడుతరు. 2011 లెక్కల్లో వాళ్ళు ఐదు వేలు కూడా లేరు. ఇన్ని పురాణాలు అంత కొద్దిమంది గొంతుల మీద ఆధారపడి ఉన్నయి.

ఇప్పుడు మనకు నచ్చని మాట ఒకటి చెప్పాలె. పేన్ పూజకు పర్ధాన్ లేకుండ నడవదు. కాని పర్ధాన్‌ను, తోటీని మన గోండులు తమతో సమానంగ చూడలేదు. ఒక బంతిల తినే దగ్గర తేడా, కూర్చునే దగ్గర తేడా. దేవుని కథ వాళ్ళ నోటనే వినాలె, వాళ్ళ చేతి నీళ్ళు మాత్రం వద్దు. బయటోళ్ళు మనల్ని చిన్నచూపు చూస్తే మనకు ఎంత మండుతదో మనకు తెలుసు. అదే పని మన లోపల చేసుకుంట, 'మా పర్ధాన్ పిల్లలు కిక్రి నేర్చుకుంటలేరు' అని బాధ పడితే ఎట్ల? చిన్నచూపు తెచ్చే వాద్యాన్ని ఏ పిల్లగాడు చేతిల పట్టుకుంటడు?

రెండోది బతుకు సంగతి. పాతకాలంల గోండు ఇంటికి, పర్ధాన్ ఇంటికి తరతరాల ఒప్పందం ఉండేది. పంట కళ్ళంల ఉన్నప్పుడు పర్ధాన్ వచ్చి పాట పాడి తన పాలు ధాన్యం తీసుకపోయేటోడు. పెండ్లికి బట్టలు, చావు కర్మకు పోయినోళ్ళ బట్టలు, వస్తువులు, కలిగినోళ్ళైతే పశువు. మరి ఇప్పుడు? మన చేన్లల్ల జొన్న పోయి పత్తి వచ్చింది. జొన్న కళ్ళంలకు వస్తది, కొలిచి పాలు తీయొచ్చు. పత్తి చేను నుంచి తిన్నగ మార్కెట్‌కు పోతది, వచ్చిన పైసలు అప్పు కింద జమ అయితయి. కళ్ళం లేనప్పుడు కళ్ళం పాలు ఎక్కడిది? కిక్రి తగ్గడానికి కారణం టీవీ అని, సెల్‌ఫోన్ అని అందరూ అంటరు. నా లెక్కల అంతకన్నా ముందే కారణం చేన్ల మొదలైంది. పర్ధాన్ కొడుకు కూలికి పోయిండు. రాత్రంతా పాడే పురాణం నేర్వాలంటే తండ్రి పక్కన ఏండ్ల తరబడి కూర్చోవాలె. కూలి పని అంత తీరిక ఇయ్యదు.

మూడోది డీజే. దీన్ని దండారిలో చూద్దాం, అక్కడ మీకు తొందరగ తెలుస్తది. దీపావళి ముందు వచ్చే దండారి కూడా పూజే. గుమేల వాద్యానికి మొక్కినంకనే మొదలైతది. గుస్సాడీ వేసినోళ్ళు నెమలి ఈకల టోపీ పెట్టుకొని, ఒంటికి బూడిద పూసుకొని, దండారి ముగిసేదాక స్నానం చెయ్యరు. వాళ్ళ మీద ఏత్మసూర్ దేవుని కరుణ ఉంటదని నమ్మకం. డోలు కొట్టేటోడు గుస్సాడీ కాళ్ళను చూస్తడు. కాలు బరువెక్కితే దెబ్బ నెమ్మది చేస్తడు, కాలు లేస్తే దెబ్బ పెంచుతడు. గుస్సాడీ తిరిగి ఆ దెబ్బకు కాలు మారుస్తడు. ఇద్దరు ఒకరినొకరు వింటున్నరు, ఆ వినడంల నుంచే పూనకం లేస్తది. డీజే పెట్టెకు కళ్ళు లేవు. పెన్‌డ్రైవ్‌ల ఉన్న దెబ్బ ఎవరి కాలును చూసి నెమ్మది కాదు. అందుకే డీజే ముందు ఎగిరినోడు అలసిపోతడే గాని పూనకంలకు పోడు. మీరే పరీక్ష చేయండి. ఆట నడుమల ఒక గుస్సాడీ ఆగిపోతే చప్పుడు మారిందా లేదా చూడండి. మారితే అది దండారి. మారకపోతే ఉత్త డ్యాన్స్.

స్టేజీ మీద కూడా ఇట్లాంటి ఇబ్బందే ఉంది. మార్లవాయి కనకరాజు దాదా గుస్సాడీని దేశమంతా చూపించిండు, 2021ల పద్మశ్రీ అందుకున్నడు, 2024 అక్టోబర్‌ల మనల్ని విడిచి పోయిండు. ఆయన పేరు చెప్పుకొని గర్వపడదాం. స్టేజీ వల్ల ప్రపంచానికి మన పేరు తెలిసింది, అది కాదనలేం. కాని స్టేజీకి ఇచ్చే సమయం ఐదు నిమిషాలు. గుస్సాడీ ఆట ఐదు నిమిషాలకు కుదించినా కొంత మిగులుతది, ఎందుకంటే అది కంటికి కనబడతది. కిక్రి పురాణం ఐదు నిమిషాలకు కుదిస్తే ఏమీ మిగలదు. కథలో వంశం పుట్టకముందే టైం అయిపోతది. అందుకనే గవర్నమెంట్ ప్రోగ్రాంలల్ల గుస్సాడీ పెరిగింది, కిక్రి పక్కకు పోయింది. ఇందుల ఎవరి కుట్ర లేదు. కంటికి ఆనేది స్టేజీ ఎక్కింది, చెవికి మాత్రమే ఆనేది కింద ఉండిపోయింది.

మరి మనం ఏం చేయొచ్చు? 'రికార్డ్ చేసి యూట్యూబ్‌ల పెడదాం' అని తమ్ముళ్ళు వెంటనే అంటరు. రికార్డ్ చేద్దాం, కాని తెలిసి చేద్దాం. పెర్సాపేన్ పూజలో కొన్ని మాటలు ఆ వంశానికే. కటోడను, పర్ధాన్‌ను అడగకుండ ఫోన్ తీయొద్దు. వాళ్ళు బయట పెట్టొద్దంటే ఆ రికార్డు ఆ వంశం ఇంట్లనే ఉండాలె, అది వాళ్ళ ఆస్తి. రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ల మాటల కోసం పెట్టిన నాయిస్ రిడక్షన్ ఆపేయండి. అది ఒకే తీరుగ సాగే చప్పుడును రొద అనుకొని కోసేస్తది. కిక్రి సాగే చప్పుడే గద, మీ రికార్డులో కిక్రి సన్నబడి గొంతొక్కటే మిగులుతది. ఇంటికొచ్చి విన్నప్పుడు పాట ఆగిన చోట కిక్రి వినబడకపోతే రికార్డు చెడిందని గుర్తు. ఫోన్‌ను డోళ్ళకు దూరం, కిక్రికి దగ్గర పెట్టండి. నడుమల ఆపి ముక్కలు చేయొద్దు. ఏ వంశం, ఏ సగ, ఏ ఊరు, ఏ పూజ, ఎవరు పాడిన్రు అనేవి అప్పుడే రాసి పెట్టండి. ఆ వివరం లేకుంటే ఇరవై ఏండ్ల తర్వాత అది ఎవరి కథో చెప్పేటోళ్ళు ఉండరు.

గుంజాల లిపి దొరికినంక మన మాటలను మన అక్షరాల్లో రాసుకునే దారి కూడా వచ్చింది. పురాణం మాటలు రాయండి, మంచిదే. కాని మాట ఎక్కడ ఆగింది, కిక్రి ఎక్కడ అందుకుంది, ఎక్కడ వేలు జారింది అనేది అక్షరంల పట్టదు. అది చేతి నుంచి చేతికే పోవాలె. కాబట్టి రికార్డు కన్నా, పుస్తకం కన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. మన వంశపు పర్ధాన్ ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతను, బాపును అడగండి. ఆ ఇంటికి పోండి. వాళ్ళ ఇంట్ల కిక్రి ఉందా, తోలు చిరిగి మూలకు పడి ఉందా చూడండి. చిరిగితే బాగు చేయించే ఖర్చు మన వంశం మీద వేసుకుందాం. పత్తి అమ్మిన పైసల నుంచే వంశమంతా కలిసి కళ్ళం పాలును మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు, జొన్నలు లేకుంటే రూపాయలు. నేర్చుకుంటున్న పిల్లగానికి పూజ దినాల కూలి పోకుండ చూసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు, పేన్ ముందు ఆయన పక్కన కూర్చొని విన్నోళ్ళం, బంతిల కూడా ఆయన పక్కనే కూర్చొని తిందాం.

పుష్య మాసం పూజలకు ఇంకా టైం ఉంది. అప్పటికి మీ వంశపు కిక్రి తోలు గట్టిగ బిగిసి ఉందో లేదో చూసి, నాకు ఒక్క మాట చెప్పండి.

జోహార్.